సంపాదించే చేయి ఒక్కటే అయితే... ముందు సిప్పా, టర్మ్ పాలసీనా?

2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాకు అంతరాయం కలిగి 11 మంది కోవిడ్ రోగులు చనిపోయారని అధికారులు ప్రకటించారు. ఆ వేవ్‌లో తిరుపతి, చిత్తూరు, మదనపల్లె ప్రాంతాల్లో ఇంటికి ఒక్కడే సంపాదించేవాడు పోయిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. కోవిడ్ మృతుల కుటుంబాలకు దేశమంతటా వర్తించేలా నిర్ణయించిన పరిహారం 50 వేల రూపాయలు. నెలకు 25 వేలు ఖర్చయ్యే ఇంటికి అది రెండు నెలల బత్యం. మూడో నెల నుంచి ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు చాలా ఇళ్లలో ఇప్పటికీ జవాబు లేదు. కానీ చీటీ ఉంది, కొంచెం బంగారం ఉంది, రేణిగుంట రోడ్డులో ప్లాటుకు అడ్వాన్సు కట్టి ఉంది, ఈమధ్య కుర్రాళ్లయితే ఫోన్లో సిప్ కూడా మొదలుపెట్టారు. ఇవేవీ తప్పు కాదు. తప్పు వరసలో ఉంది. అదెలాగో ఒక కుటుంబం లెక్క వేసి చూద్దాం. ఇది ఉదాహరణ కోసం అనుకున్న కుటుంబమే గానీ, ఇలాంటి ఇల్లు ప్రతి వీధిలోనూ కనిపిస్తుంది.

ఒక ఇంటి లెక్క

చిత్తూరులో ఫ్రిజ్, ఏసీ రిపేరు షాపు పెట్టుకున్న 34 ఏళ్ల మనిషి అనుకుందాం. ఇంట్లో భార్య, తొమ్మిదేళ్ల కూతురు, ఆరేళ్ల కొడుకు, షుగర్ ఉన్న అమ్మీ. ఖర్చులన్నీ పోగా షాపు మీద నెలకు 40 వేలు మిగులుతుంది. ఇంటి ఖర్చు 28 వేలు. షాపు కోసం తెచ్చిన అప్పు ఇంకా 6 లక్షలు ఉంది. అన్నీ పోను నెలకు 10 వేలు దాచగలడు. అందులో 5 వేలు చీటీకి, 5 వేలు సిప్‌కు పెడుతున్నాడు.

సిప్ గురించి అతనికి ఎవరో చెప్పిన లెక్క ఇది: నెలకు 5 వేల చొప్పున 20 ఏళ్లు కడితే, ఏటా 12 శాతం పెరిగితే, చివర్లో 50 లక్షలు చేతికొస్తాయి. లెక్కలో తప్పు లేదు. 12 శాతానికి గ్యారంటీ ఎవరూ ఇవ్వరు, కానీ వస్తుందనే అనుకుందాం. మరి మూడేళ్లకు ఎంత ఉంటుంది? దాదాపు 2 లక్షల 17 వేలు. ఐదేళ్లకు? దాదాపు 4 లక్షల 12 వేలు. అంటే 50 లక్షల్లో పెద్ద భాగం చివరి ఏళ్లలోనే వస్తుంది. అక్కడికి చేరాలంటే 240 నెలలు ఒక్క కిస్తు తప్పకుండా కట్టాలి. ఆ 240 కిస్తులూ కట్టాల్సింది ఒక్క మనిషి చేతులే.

ఇక్కడే అసలు విషయం ఉంది. పెట్టుబడికి కావాల్సింది కాలం. ఆ కాలం మొత్తం అతను బతికి, ఆరోగ్యంగా, షాపు తెరుస్తూ ఉండాలి. మూడో ఏట అతనికి ఏదైనా జరిగితే భార్య చేతికి వచ్చేది 2 లక్షల చిల్లర సిప్, కొంత చీటీ డబ్బు. ఎదురుగా ఉండేది 4 నుంచి 5 లక్షల షాపు అప్పు. చనిపోకుండా గుండెకు స్టెంట్ పడి నెల రోజులు షాపు మూసినా, మొదట ఖాళీ అయ్యేది ఆ సిప్పే. అందుకే కవర్ అనేది పెట్టుబడికి పోటీ కాదు, పెట్టుబడిని 20 ఏళ్ల దాకా బతికించే పునాది.

టర్మ్ కవర్ ఎంత కావాలి?

ఏజెంట్ చెప్పిన అంకె కాదు, ఇంటి ఖర్చు చెప్పిన అంకె తీసుకోవాలి. ఈ ఇంట్లో 28 వేల ఖర్చులో అతని సొంత ఖర్చు 5 వేలు తీసేస్తే 23 వేలు. ఏడాదికి 2 లక్షల 76 వేలు. కొడుకుకు ఆరేళ్లు, కాబట్టి వాడు చదువు ముగించి నిలబడేదాకా, ఆ తర్వాత తల్లికి కొంత కాలం కలుపుకుని 20 ఏళ్లు అనుకుందాం. మొత్తం 55 లక్షలు. డబ్బు వచ్చాక దాన్ని జాగ్రత్తగా పెడితే ధరల పెరుగుదలకు సరిపడా పెరుగుతుందని ఈ లెక్కలో అనుకుంటున్నాం.

దానికి అప్పు 6 లక్షలు, పిల్లల పెద్ద చదువులకు 10 లక్షలు కలపాలి. 71 లక్షలు అవుతుంది. చాలామంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది. నిఖా రోజు మెహర్ మొత్తం చెల్లించకపోతే మిగిలినది భర్త మీద అప్పే. ఆస్తి పంచకముందే తీర్చాల్సిన అప్పు. దాన్నీ లెక్కలో వేసుకోవాలి. అతనికి ఇప్పటికే ఉన్న పొదుపు కొంత తీసేస్తే చివరికి 70 నుంచి 75 లక్షల దగ్గర ఆగుతుంది. ఏడాది ఆదాయానికి 15 రెట్లు అనే మోటు లెక్క వేసినా 72 లక్షలే వస్తుంది.

34 ఏళ్ల వయసు, పొగాకు అలవాటు లేదు, పెద్ద జబ్బులు లేవు అంటే 60 ఏళ్ల వరకు 75 లక్షల టర్మ్ పాలసీకి ఏడాది ప్రీమియం సుమారు 10 నుంచి 14 వేల మధ్య ఉంటుంది. కంపెనీని బట్టి, మెడికల్ రిపోర్టును బట్టి మారుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, కాబట్టి పాత అంకెలు చూసి భయపడనక్కర్లేదు.

"చనిపోతేనే డబ్బా? బతికితే ఏమీ రాదా?" అని ఇంట్లో అడుగుతారు. అవును, రాదు. అందుకే అంత చవక. డబ్బు తిరిగొచ్చే ఎండోమెంట్, మనీబ్యాక్ పాలసీల్లో ఏడాదికి 30 వేలు కట్టినా కవర్ సాధారణంగా 6 లక్షల దగ్గరే ఆగుతుంది. ఈ ఇంటికి అది రెండేళ్ల ఖర్చు మాత్రమే. పాలసీ ఉందన్న ధైర్యం మిగులుతుంది, ఇల్లు మాత్రం నిలబడదు.

ఐటీఆర్ లేకపోతే పాలసీ ఆగిపోతుంది

చిన్న వ్యాపారాలు చేసేవాళ్లకు అడ్డంకి ప్రీమియం కాదు, ఆదాయ రుజువు. టర్మ్ కవర్ ఎంత ఇవ్వాలో కంపెనీ ఆదాయాన్ని బట్టి తేలుస్తుంది. జీతగాడికి పే స్లిప్ ఉంటుంది. షాపు యజమానిని రెండు, మూడేళ్ల ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ అడుగుతారు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. చిన్న వ్యాపారులు ఐటీఆర్-4లో సెక్షన్ 44ఏడీ కింద బిల్లింగ్‌లో కనీసం ఇంత శాతం లాభం అని చూపించి రిటర్న్ వేయవచ్చు. యూపీఐ, బ్యాంకు ద్వారా వచ్చిన దానిమీద 6 శాతం, నగదు మీద 8 శాతం. ఈ షాపు బిల్లింగ్ ఏడాదికి 20 లక్షలు, అంతా యూపీఐ అనుకుంటే 6 శాతం లెక్కన చూపే ఆదాయం 1 లక్షా 20 వేలు. "తక్కువ చూపడమే మంచిది భాయ్" అనే సలహా ఇక్కడ దెబ్బ తీస్తుంది. ఆ ఆదాయానికి 15 రెట్లు అన్నా 18 లక్షలే. పైగా అంత తక్కువ ఆదాయానికి చాలా కంపెనీలు పెద్ద టర్మ్ కవర్ ఇవ్వడానికి వెనకాడతాయి.

అతని నిజమైన ఆదాయం 4 లక్షల 80 వేలు. చట్టం కోరేది కూడా నిజమే. ఆ మొత్తం చూపించినా కొత్త పన్ను విధానంలో కట్టాల్సింది సున్నా. 2025-26 నుంచి 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు ఉంది. ఒక్క రూపాయి పన్ను లేకుండా కుటుంబానికి 75 లక్షల కవర్‌కు దారి తెరుచుకుంటున్నప్పుడు తక్కువ చూపడంలో లాభమే లేదు.

రిటర్న్‌లు సిద్ధమయ్యేదాకా ఊరికే కూర్చోవద్దు. బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లకు ఆదాయ రుజువు అడగని రెండు పథకాలున్నాయి. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలు, ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు, 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరాలి. కొత్తగా చేరినవాళ్లకు మొదటి 30 రోజులు ప్రమాద మరణానికే వర్తిస్తుంది. సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. రెండూ మే నెలాఖరుకు ఖాతా నుంచి కట్ అవుతాయి. ఆ రోజు బ్యాలెన్స్ లేకపోతే కవర్ ఆగిపోతుంది. ఇవి 75 లక్షలకు బదులు కావు, ఆ మధ్య కాలానికి గొడుగు.

హెల్త్ కవర్: కార్డు ఉంది కదా?

ఆంధ్రప్రదేశ్‌లో ఏటా 5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఉంది. పరిమితిని 2023 డిసెంబర్‌లో 25 లక్షలకు పెంచారు. ఈ కుటుంబానికి కార్డు వస్తుంది, తప్పకుండా ఉంచుకోవాలి, స్విమ్స్ లాంటి చోట వాడుకోవాలి కూడా. కానీ అది జాబితాలో ఉన్న చికిత్సలకు, ఒప్పందం ఉన్న ఆసుపత్రుల్లోనే వర్తిస్తుంది. అర్ధరాత్రి అంబులెన్స్ ఏ ఆసుపత్రికి దగ్గరైతే అక్కడికే పోతుంది. చిత్తూరు వాళ్లకు తిరుపతి కంటే వెల్లూరు దగ్గర, అది పక్క రాష్ట్రం. అక్కడ ఆ ఆసుపత్రిలో, ఆ చికిత్సకు కార్డు పనిచేస్తుందా అన్నది ముందే కనుక్కోవాలి. షాపు బాగా నడిచి ఆదాయం 5 లక్షలు దాటితే అర్హతే పోవచ్చు.

అందుకే భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలకు కలిపి 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ ఉండాలి. ఈ వయసుకు ఏడాదికి సుమారు 15 నుంచి 22 వేలు అవుతుంది. అమ్మీని ఇందులో కలపకూడదు. ఫ్లోటర్ ప్రీమియం ఇంట్లో పెద్ద వయసు వారిని బట్టి లెక్కిస్తారు, ఆమె పేరు చేరితే అందరి ప్రీమియం ఎగబాకుతుంది. ఆమెకు విడి పాలసీ తీసుకోవాలి. 70 ఏళ్లు దాటి ఉంటే ఆదాయంతో పని లేకుండా ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డుకు దరఖాస్తు చేయాలి, అందులో 5 లక్షల వరకు ఉంటుంది.

పాలసీ చవగ్గా వస్తోందంటే మొదట చూడాల్సింది గది అద్దె పరిమితి. ఒక 3 లక్షల పాలసీలో గది అద్దె రోజుకు 1 శాతం, అంటే 3 వేలు అని రాసి ఉందనుకుందాం. మీరు 6 వేల గదిలో ఐదు రోజులు ఉన్నారు. బిల్లు 2 లక్షల 40 వేలు: గది 30 వేలు, డాక్టర్, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ ఛార్జీలు లక్షన్నర, మందులు, ఇంప్లాంట్ 60 వేలు. గదికి 15 వేలే ఇస్తారు, అది సరే. కానీ మీరు తీసుకున్న గది పరిమితికి రెట్టింపు కాబట్టి ఆ లక్షన్నరలోనూ సగమే, 75 వేలే ఇస్తారు. మందులు, ఇంప్లాంట్ 60 వేలు మాత్రం పూర్తిగా వస్తాయి. మొత్తం వచ్చేది లక్షన్నర, జేబులోంచి పోయేది 90 వేలు. 3 లక్షల పాలసీలో 2 లక్షల 40 వేల బిల్లుకు కూడా చేయి కాలడం అంటే ఇదే. గది అద్దెకు పరిమితి లేని పాలసీ గానీ, కనీసం సింగిల్ ప్రైవేట్ రూమ్ అని రాసిన పాలసీ గానీ తీసుకుంటే ఈ కోత ఉండదు.

రెండోది, హెల్త్ పాలసీ నొప్పి మొదలయ్యాక కొనే వస్తువు కాదు. ప్రమాదం తప్ప మిగతా వాటికి మొదటి 30 రోజులు క్లెయిమ్ ఉండదు. హెర్నియా, క్యాటరాక్ట్, గాల్‌బ్లాడర్ రాళ్లు లాంటి కొన్నింటికి రెండు, మూడేళ్లు ఆగాలి. అప్పటికే ఉన్న షుగర్, బీపీ లాంటి వాటికి గరిష్ఠంగా మూడేళ్లు. ఆ గడియారం మొదలవ్వాలంటే ముందు పాలసీ ఉండాలి.

ఫారంలో "లేదు" అని రాయించే చోట

క్లెయిమ్ తిరస్కరణకు బీజం చాలాసార్లు మొదటి రోజే పడుతుంది. ఏజెంట్ కూర్చుని ఫారం నింపుతూ జబ్బులు అన్నచోట "లేదు", పొగాకు అన్నచోట "లేదు" అని కొట్టేస్తాడు. సిగరెట్ ఒక్కటే పొగాకు కాదు. బీడీ, గుట్కా, జర్దా కిళ్లీ అన్నీ పొగాకే. అలవాటు రాస్తే ప్రీమియం పెరుగుతుంది, కానీ క్లెయిమ్ నిలుస్తుంది.

చట్టం కూడా ఒక గడువు పెట్టింది. ఇన్సూరెన్స్ చట్టం సెక్షన్ 45 ప్రకారం మూడేళ్లు దాటిన లైఫ్ పాలసీని కంపెనీ ప్రశ్నించకూడదు. హెల్త్ పాలసీకి ఐదేళ్లు ఆగకుండా కట్టాక, మోసం రుజువైతే తప్ప, ఫలానా విషయం దాచారంటూ క్లెయిమ్ కాదనకూడదు. ఆ లోపే చనిపోతే మాత్రం పాత మందుల చీటీలు, ల్యాబ్ రిపోర్టులు అన్నీ బయటికి తీస్తారు. పాలసీ చేతికొచ్చాక 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయవచ్చు. ఆ 30 రోజుల్లో కూర్చుని ఫారం కాపీలో ఏం రాసి ఉందో ఒకసారి చదవాలి.

డబ్బు ఎవరికి చేరుతుంది?

అప్పు ఉన్న వ్యాపారికి ఇది పెద్ద ప్రశ్న. టర్మ్ డబ్బు వచ్చిందని తెలిస్తే ముందు తలుపు కొట్టేది అప్పులవాళ్లే. దీనికి 1874 నాటి మ్యారీడ్ వుమెన్స్ ప్రాపర్టీ చట్టంలో సెక్షన్ 6 ఉంది. భర్త తన ప్రాణం మీద భార్య, పిల్లల కోసం ఈ సెక్షన్ కింద పాలసీ తీసుకుంటే అది వాళ్ల ట్రస్టు అవుతుంది. భర్త ఆస్తిలో భాగం కాదు, అతని అప్పులవాళ్లు దాన్ని తాకలేరు. మొదట్లో ఈ చట్టం ముస్లింలకు వర్తించేది కాదు. 1923లో చేసిన సవరణ దాన్ని ముస్లింలకూ తెరిచింది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే చిత్తూరు జిల్లా కూడా అందులోనే ఉండేది, 1913 డిసెంబర్ 31 తర్వాత తీసుకున్న పాలసీలకే వర్తింపజేసింది. మిగతా చోట్ల 1923 ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్న వాటికి.

పాలసీ కొనేటప్పుడే ఎండబ్ల్యూపీ అనే గడి టిక్ చేయాలి, తర్వాత కుదరదు. ఒకసారి పెట్టాక పేర్లు మార్చలేరు. తల్లి ఇందులో రారు, భార్యాపిల్లలకే ఇది. అమ్మీ కూడా అతని మీదే ఆధారపడి ఉంది కాబట్టి ఆమెను నామినీగా పెట్టి ఇంకో చిన్న పాలసీ విడిగా తీసుకోవచ్చు. మామూలు నామినేషన్‌లో కూడా 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య, పిల్లలు నామినీలైతే డబ్బు వాళ్లకే దక్కుతుందన్నది చట్టం. షరియత్ వారసత్వ వాటాలకు, దీనికి తేడా వస్తుంది. వాటాల ప్రకారమే పంచాలనుకునే కుటుంబం ముందుగానే ముఫ్తీ సాబ్‌ను, లాయర్‌ను అడిగి నామినేషన్ రాసుకోవాలి.

"ఇది జాయిజేనా?"

ఈ ప్రశ్న రాకుండా ఉండదు. ఉలమాలలో ఒక్క మాట లేదు. అనిశ్చితి, వడ్డీ, జూదం లక్షణాలున్నాయని మామూలు ఇన్సూరెన్స్‌ను కాదనేవాళ్లు ఉన్నారు. ఇక్కడి పరిస్థితుల్లో అవసరం మేరకు వెసులుబాటు ఉందనేవాళ్లూ ఉన్నారు. షరియత్ పద్ధతిలో నడిచే తకాఫుల్ కంపెనీకి మన దేశంలో లైసెన్స్ లేదు. అడిగేటప్పుడు "ఇన్సూరెన్స్ హలాలా?" అని ఊరికే అడగకుండా, బోనస్ వచ్చే ఎండోమెంటా, ఏమీ తిరిగిరాని టర్మ్ పాలసీనా, హెల్త్ పాలసీనా అన్నది విడివిడిగా చెప్పి, ఇంట్లో ఆధారపడ్డవాళ్లు ఎంతమందో చెప్పి అడగాలి. తీసుకోవద్దని నిర్ణయించుకున్న కుటుంబానికి కూడా పై 70 లక్షల లెక్క మారదు. అప్పుడు అప్పు త్వరగా తీర్చడం, భార్య సంపాదనకు దారి చూడడం, బంధువులంతా కలిసి నిధి పెట్టడం సిప్ కంటే ముందు రావాలి.

చివరికి ఆ 10 వేలు ఎలా పంచుకోవాలి?

టర్మ్‌కు ఏడాదికి 12 వేలు, హెల్త్‌కు 19 వేలు అనుకుంటే మొత్తం 31 వేలు. నెలకు 2,600 రూపాయలు. అమ్మీ పాలసీ విడిగా తీసుకుంటే ఇంకొంచెం పెరుగుతుంది. అంటే 10 వేల పొదుపులో 7 వేలకు అటూఇటూ ఇంకా మిగులుతోంది. ముందు అందులోంచి మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టాలి, ఎందుకంటే షాపు మూతపడిన నెలల్లో అద్దెను హెల్త్ పాలసీ కట్టదు. ఆ తర్వాతే చీటీ, బంగారం, ఎథికల్ ఫండ్‌లో సిప్. సిప్ 5 వేల నుంచి 3 వేలకు తగ్గినా ఫరవాలేదు. ఆగకుండా సాగడం ముఖ్యం.

ఒక్క పని ఈ వారమే చేయవచ్చు. పాలసీ నంబర్లు, కంపెనీ పేర్లు, నామినీ ఎవరు, బ్యాంకులో 436 రూపాయల బీమా ఉందా లేదా, ఎవరికి ఎంత బాకీ, మెహర్ ఎంత మిగిలింది — ఇవన్నీ ఒక కాగితం మీద రాసి భార్యకు చూపించాలి. భర్త పోతే ఆమె నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో ఉంటుంది. ఆఫీసుల చుట్టూ తిరిగే స్థితి ఉండదు. డెత్ సర్టిఫికెట్, పాలసీ కాపీ, ఆమె బ్యాంకు పాస్‌బుక్ పట్టుకుని ఆమె తరఫున తమ్ముడో, మరిదో వెళ్లి క్లెయిమ్ ఇచ్చేందుకు ఆ ఒక్క కాగితం చాలు. అది లేక పాలసీ ఉన్న సంగతే తెలియకపోతే, కట్టిన ప్రీమియమంతా నీళ్లలో పోసినట్టే.